1² + 2² + … + n²: మూడు చిన్న మొత్తాల నుంచి సూత్రం రాబట్టడం

గుంటూరులోనో విజయవాడలోనో రూమ్ తీసుకుని ఈఏపీసెట్‌కి చదువుతున్న ఎంపీసీ మిత్రుల కోసం ఇది రాస్తున్నాం. n(n+1)(2n+1)/6 అన్నది మనందరికీ నోటికి వచ్చు. కానీ ప్రశ్నలో బేసి సంఖ్యల వర్గాలు ఇచ్చినా, 1·2 + 2·3 + 3·4 లాంటి శ్రేణి ఇచ్చినా ఆ బట్టీ సూత్రం ఉన్నదున్నట్టు పనికిరాదు. దాన్ని రెండు మూడు ముక్కలు చేసి మళ్లీ కలుపుకోవాలి, అక్కడే గుర్తులు తారుమారవుతాయి. సూత్రాన్ని అప్పటికప్పుడు పుట్టించుకోవడం వస్తే ఆ తిప్పలు ఉండవు. చిన్న విలువలు వేసుకుని వాటికి సరిపోయే ఘన బహుపదిని కట్టడం ఆ పద్ధతి. చాలామంది దీన్ని ఊహ అనుకుంటారు. ఇది ఊహ కాదు, చివర్లో ఒక్క వాక్యం చేరిస్తే పూర్తి నిరూపణ అవుతుంది. ఆ వాక్యం కోసమే ఇంత రాస్తున్నాం.

ముందు రఫ్ షీటు మీద మొత్తాలు వేసుకోండి. S(1) = 1, S(2) = 1 + 4 = 5, S(3) = 5 + 9 = 14, S(4) = 14 + 16 = 30. ఏమీ కలపకముందు మొత్తం సున్నాయే కాబట్టి S(0) = 0 కూడా వరసలో పెట్టండి, అది తర్వాత చాలా పని తగ్గిస్తుంది. ఇక్కడ కొందరు తొందరలో 1, 4, 9 అని వర్గాలనే వేసేస్తారు. మనకు కావాల్సింది అప్పటిదాకా పోగైన మొత్తాలు. 1, 4, 9 వేస్తే లెక్కంతా చక్కగా నడిచి చివరికి జవాబు n² అని వస్తుంది. అలా వచ్చిందంటే మొదటి వరసే తప్పు రాశారని అర్థం.

ఇప్పుడు ఆ మొత్తాల కింద పక్కపక్క వాటి భేదాలు, వాటి కింద మళ్లీ భేదాలు రాయాలి.

```
n :  0   1   2   3   4
S :  0   1   5   14   30
       1   4   9   16
         3   5   7
           2   2
```

మొదటి భేదాల వరసలో మన వర్గాలే తిరిగి వచ్చాయి. రావాలి కూడా, ఎందుకంటే S(n) − S(n−1) అంటే చివర కలిపిన పదమే, అంటే n². మూడో భేదం దగ్గర వరస స్థిరపడి 2, 2 అని నిలిచింది. ఘన బహుపదే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. n³ − (n−1)³ చేసి చూడండి: 3n² − 3n + 1 వస్తుంది, n³ పోతుంది. భేదం తీసిన ప్రతిసారీ బహుపది పరిమాణం ఒకటి తగ్గుతుంది. మన S కి భేదం తీస్తే n² వచ్చింది, అది రెండో పరిమాణం. కాబట్టి S మూడో పరిమాణంది అయ్యుండాలి.

అలా కాకుండా, వర్గాలున్నాయి కదా అని రెండో పరిమాణంతో సరిపెట్టేవాళ్లున్నారు. 1, 5, 14 మీదుగా ఒక వర్గ బహుపది వెళ్తుంది, ఏ మూడు విలువలిచ్చినా వెళ్తుంది. అయితే 1, 5, 14 భేదాలు 4, 9, రెండో భేదం 5. వర్గ బహుపదికి ఆ 5 మారదు. కాబట్టి తర్వాతి భేదం 14, తర్వాతి విలువ 28. అసలు మొత్తం మాత్రం 30. మూడింటికి సరిపోయి నాలుగో దాని దగ్గర రెండు తక్కువయింది. కట్టడానికి వాడిన విలువలతోనే సరిచూసుకుంటే ఈ తప్పు జన్మలో దొరకదు. సరిచూడ్డానికి ఎప్పుడూ వాడని విలువ ఒకటి పక్కన పెట్టుకోవాలి. మనం S(4) = 30 ని అందుకే ముట్టుకోకుండా ఉంచుతున్నాం.

S(n) = an³ + bn² + cn + d అనుకుందాం. n = 0 వేస్తే d = 0, నాలుగు తెలియనివాటిలో ఒకటి అక్కడే పోయింది. n = 1, 2, 3 వేస్తే

a + b + c = 1
8a + 4b + 2c = 5
27a + 9b + 3c = 14

రెండో సమీకరణాన్ని 2తో, మూడోదాన్ని 3తో భాగిస్తే 4a + 2b + c = 5/2, 9a + 3b + c = 14/3. ఇప్పుడు c అన్నింట్లోనూ ఒంటరిగా ఉంది కాబట్టి తీసివేతతో పోతుంది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 3a + b = 3/2. మూడోదాంట్లోంచి రెండోది తీసేస్తే 5a + b = 14/3 − 5/2 = 13/6. ఈ రెంటినీ తీసివేస్తే 2a = 13/6 − 9/6 = 4/6, అంటే a = 1/3. వెనక్కి వెళ్తే b = 3/2 − 1 = 1/2, c = 1 − 1/3 − 1/2 = 1/6.

S(n) = n³/3 + n²/2 + n/6. హారం 6 చేస్తే (2n³ + 3n² + n)/6, n బయటికి తీస్తే లోపల 2n² + 3n + 1, అది (n+1)(2n+1). పక్కన పెట్టిన n = 4 ఇప్పుడు వేయండి: 4·5·9/6 = 180/6 = 30. సరిపోయింది.

ఈ లెక్కలో ఎక్కువమంది జారేది భాగించే చోట. ఎడమవైపు 2తో, 3తో భాగించి కుడివైపు 5, 14 అలాగే వదిలేస్తారు. అప్పుడు 3a + b = 4, 5a + b = 9 వచ్చి a = 5/2, b = −7/2, c = 2 అవుతాయి. చూడ్డానికి ఆరో వంతులకన్నా శుభ్రంగా ఉంటాయి, పైగా n = 1 వేస్తే 1 కూడా వస్తుంది. అందుకే అనుమానం రాదు. దీన్ని పట్టుకోవడానికి భేదాల పట్టిక చాలు. an³ కి మూడుసార్లు భేదం తీస్తే మిగిలేది 6a. మన పట్టికలో మూడో భేదం 2, అంటే 6a = 2, a = 1/3. సమీకరణాలు ముట్టుకోకముందే a తెలిసిపోయింది. వేరే ఏది వచ్చినా అక్కడే ఆగి వెనక్కి చూసుకోవాలి. టైమ్ తక్కువుంటే a = 1/3 ముందే పెట్టేసి, b + c = 2/3, 2b + c = 7/6 అన్న రెండు సమీకరణాలతోనే పని ముగించవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు విలువలకు సరిపోయిందని ఐదు వందలకూ సరిపోతుందా? ఊరికే సరిపోదు. 1, 2, 4, 8 తీసుకోండి. వాటి మీదుగా వెళ్లే ఘన బహుపది తర్వాత ఇచ్చేది 15. రెట్టింపులు ఇచ్చేది 16. నాలుగూ కలిశాయి, ఐదోది విడిపోయింది. మరి మన సూత్రాన్ని ఎందుకు నమ్మాలి?

0, 1, 2, 3 దగ్గర సరిపోయేలా కట్టిన ఆ ఘన బహుపదిని P(n) అందాం. D(n) = P(n) − P(n−1) − n² అని రాయండి. P కి భేదం తీస్తే పరిమాణం రెండుకు మించదు, అందులోంచి n² తీసినా రెండుకు మించదు. P(0), P(1), P(2), P(3) విలువలు అసలు మొత్తాలే కాబట్టి D(1) = D(2) = D(3) = 0. రెండో పరిమాణం బహుపదికి మూడు మూలాలు ఉండవు, దాని గుణకాలన్నీ సున్నా అయితే తప్ప. కాబట్టి D అంతటా సున్నాయే, అంటే ప్రతి n కీ P(n) − P(n−1) = n². P(0) = 0 దగ్గర మొదలై ప్రతి మెట్టుకూ సరిగ్గా n² చొప్పున పెరిగేది వర్గాల మొత్తం తప్ప ఇంకోటి కాదు. నిరూపణ అయిపోయింది. n = 4 సరిచూసింది కూడా చేతి తప్పులు పట్టుకోవడానికే, నిరూపణకు దాని అవసరం లేదు.

1, 2, 4, 8 దగ్గర ఇది ఎందుకు నడవదో కూడా ఇక్కడే తెలుస్తుంది. అక్కడ భేదాలు 1, 2, 4, మళ్లీ రెట్టింపులే, n లో బహుపది కాదు. ఎన్నిసార్లు భేదం తీసినా వరస స్థిరపడదు. 1 − 4 + 9 − 16 లాంటి గుర్తులు మారే శ్రేణికీ, 1/n పదాలున్న శ్రేణికీ అంతే. n-వ పదం n లో బహుపది అయితేనే ఈ దారి పట్టాలి. పదం పరిమాణం k అయితే మొత్తం పరిమాణం k + 1.

ఇంటర్ బోర్డు పరీక్షలో గణితానుగమన సిద్ధాంతంతో నిరూపించమని అడిగితే మాత్రం పైదంతా రాయకూడదు, అడిగిన పద్ధతిలోనే రాయాలి. S(k) కి (k+1)² కలిపి (k+1)/6 బయటికి తీస్తే లోపల 2k² + 7k + 6 మిగులుతుంది, అది (k+2)(2k+3). ఇక ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు కాబట్టి ఆప్షన్లు ముందుంటే n = 1, 2 వేసి తీసేయడమే వేగం. రెండు ఆప్షన్లు ఇంకా మిగిలితే n = 3 వేయండి.

సూత్రం మరిచిపోకుండా ఉండటానికి ఒక మంచి రూపం ఆర్యభటుడి దగ్గరుంది. 499 నాటి ఆయన గణితపాదంలో దీన్ని వర్గచితిఘనం అన్నాడు. చితి అంటే పేర్పు. బ్రాడీపేటలో తోపుడు బండి మీద బత్తాయిలు చదరంగా పేర్చారనుకోండి: పైన ఒకటి, దాని కింద నాలుగు, ఆ కింద తొమ్మిది. ఐదు వరసలకు 55 కాయలు. పదాల సంఖ్య, దానికి ఒకటి కలిపినది, ఆ రెండింటి మొత్తం, ఈ మూడింటి లబ్ధంలో ఆరో వంతు అన్నాడాయన. 2n + 1 అంటే n, n + 1 ల మొత్తమే అని ఇలా చూస్తే అది 2n − 1 అయ్యే ప్రమాదం ఉండదు.

ఇక మొదట చెప్పిన బేసి వర్గాలు: 1² + 3² + 5² + … n పదాలు. పదం (2n−1)², రెండో పరిమాణం, కాబట్టి మొత్తం ఘన బహుపది. మొత్తాలు 0, 1, 10, 35. మొదటి భేదాలు 1, 9, 25, తర్వాత 8, 16, ఆ తర్వాత 8. 6a = 8, కాబట్టి a = 4/3. n = 1 నుంచి b + c = −1/3. n = 2 నుంచి 4b + 2c = 10 − 32/3 = −2/3, అంటే 2b + c = −1/3. రెంటినీ తీసివేస్తే b = 0, c = −1/3. మొత్తం n(4n² − 1)/3. b సున్నా వచ్చిందని కంగారుపడి మళ్లీ మొదలుపెట్టకండి, ఇక్కడ n² పదం నిజంగానే లేదు. వాడని n = 4 వేయండి: 4·63/3 = 84. పక్కన 1 + 9 + 25 + 49 కలిపి చూస్తే అదే 84.