ఉభయకుశలోపరి, ఆదివారం వరకే

మా హాస్టల్లో ఏ బ్లాక్ రెండో అంతస్తుకీ బీ బ్లాక్ మూడో అంతస్తుకీ వాలీబాల్ మ్యాచ్ ఖాయమైతే, ముందు రెండు వైపులా కవ్వింపు ఉత్తరాలు నడవాలి. రాత్రి మెస్‌లో అందరూ కంచాల ముందు కూర్చున్నాక, ఉత్తరం అందుకున్నవాళ్లే లేచి గట్టిగా చదవాలి. అదీ ఆనవాయితీ. తన మీద తిట్లు తనే చదువుకోవడంలో సగం వినోదం ఉంటుంది. ఆ ఏడు మా అంతస్తు తరఫున రాసే పని నాకొచ్చింది. కారణం నా చేతిరాత, అంతే.

జూనియర్లు ఒక చిత్తు తెచ్చారు. చవటలు, దద్దమ్మలు, తుక్కు రేగ్గొడతాం, ఇదే వరస. మా కెప్టెన్‌ది టెక్కలి వైపు. చూసి పెదవి విరిచాడు. "ఏటి గురూ ఇది? పేరు మార్చి ఎవులికైనా పంపొచ్చు. ఆళ్లని సూసి రాసినట్టు నేదు."

అందుకని సాయంత్రం వాళ్ల ప్రాక్టీసు చూడ్డానికి పోయాం. విశాఖలో మధ్యాహ్నం దాటితే సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. వాళ్ల సర్వీసు కుర్రాడు బంతిని చాలా ఎత్తుకి ఎగరేస్తాడు. అది దిగేలోపు గాలి పక్కకి లాగేస్తుంది, కొట్టిన దెబ్బ గీత బయట పడుతుంది. ఇంకొకాయన ఆరడుగుల పైన ఉంటాడు. 2.43 మీటర్ల నెట్టు ఆయనకి లెక్కే కాదు కానీ, బ్లాక్‌కి లేచిన ప్రతిసారీ చేతులు నెట్టుకి తగిలి పాయింటు ఎదుటివాళ్లకి పోతోంది. మాకు కావలసింది దొరికింది. కళ్లతో చూసిన చిన్న నిజం ఉంటే దాన్ని ఎంత దూరమైనా సాగదీయొచ్చు.

పాతకాలం ఉత్తరాల ధోరణిలో మొదలుపెట్టాను:

"మహారాజశ్రీ బీ బ్లాక్ మూడవ అంతస్తు వీరాధివీరులకు, రెండవ అంతస్తువారు వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇచ్చట మేమంతా క్షేమం. ఆదివారం సాయంత్రం వరకు మీ క్షేమమును కూడా కోరుచున్నాము. ఆ తర్వాత పూచీ మాది కాదు. మీ సర్వీసు వీరుడు ఎగరేసిన బంతి యారాడ కొండ దాటినదనియు, డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌వారు దానిని గుర్తు తెలియని నౌకగా రాసుకున్నారనియు వినికిడి. మీ పొడుగాయన నెట్టు వద్దకు బ్లాక్ చేయుటకు వచ్చెనో, లుంగీ ఆరవేయుటకు వచ్చెనో తెలుపగలరు. మా స్పైకు చప్పుడుకు, 2002 నుంచి బీచి ఒడ్డున మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి మళ్లీ నీళ్లలోకి దిగిపోదామా అని ఆలోచించుచున్నది."

కొట్టేసినవీ ఉన్నాయి. వాళ్ల సెట్టర్‌కి ఉన్న బ్యాక్‌లాగుల మీద ఒకడు చమత్కారంగానే రాశాడు, తీసేశాం. యాస మీద రాసిన వాక్యమూ పోయింది. మా హాస్టల్లో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు. యాసని వెక్కిరిస్తే అది ఆటలో మాట కాదు, పుండు మీద కారం. అనుమానం వస్తే ఆ మనిషి రూమ్మేట్‌కి గుట్టుగా చూపించేవాళ్లం. పగలబడి నవ్వి తనూ ఇంకోటి అందిస్తే ఉంచేవాళ్లం, "బావుంది" అని ఊరుకుంటే తీసేసేవాళ్లం.

పొడుగాయనే లేచి చదివాడు. లుంగీ దగ్గర తనే నవ్వాపుకోలేక ఆగిపోయాడు. జవాబు మర్నాడు రాత్రికి వచ్చింది. మా కంటే బాగా రాశారని ఒప్పుకోవాలి, ఎందుకంటే దేన్నీ కాదనలేదు:

"లుంగీ మాట వాస్తవము. మీ కన్నీళ్లకు ఎటూ తడియును గనుక ముందుగా ఆరవేసుకొనుచున్నాము. మీ అంతస్తుకు నీళ్లు సరిగా ఎక్కుట లేదని తెలిసి చింతించితిమి. మ్యాచ్ అనంతరం ఏడ్చి మొహం కడుగుకొనుటకు మా బాత్రూములు వాడుకొనవచ్చును. సబ్బు మాత్రం మీదే."

మా మోటారు బాధ హాస్టల్ అంతటికీ తెలుసు. మెస్ వంటాయన కూడా గరిటె పక్కన పెట్టి నవ్వాడు. దీనికి మాటతో జవాబు లేదనుకుని, అరిగి అరిగి బిళ్లంత అయిన ఎర్ర సబ్బు ముక్కని పేపర్లో చుట్టి, పైన "యుద్ధ సామగ్రి" అని రాసి పంపాం.

మ్యాచ్ మూడు సెట్లు. చెరొకటి గెలిచాం. మూడోది 15 పాయింట్ల సెట్టు. అప్పుడు ఆ సర్వీసు కుర్రాడు బంతిని ఎత్తుకి ఎగరేయడం మానేసి, తలకి కాస్త పైన వదిలి తాపీగా కొట్టడం మొదలుపెట్టాడు. గాలికి పని లేకుండా పోయింది. మా వెనక వరస వాళ్లు బంతి లేపడానికే తంటాలు పడ్డారు. 15-12తో పోయింది.

ఆ రాత్రి ఆఖరి ఉత్తరం నేను చదవాల్సి వచ్చింది: "మా సర్వీసులోని లోపమును ఉత్తరపూర్వకముగా తెలిపినందుకు కృతజ్ఞతలు. ఇకపై మీరే మాకు కోచ్. ఈ సంతోషంలో బీచిలో ముంత మసాలా తినదలచితిమి. ఖర్చు ఎవరిదో కోచ్‌గారికి చెప్పనక్కరలేదు."

డబ్బులు మేమే ఇచ్చాం. పొడుగాయన రెండు పొట్లాలు తిన్నాడు.