నిన్నటి రొయ్యలు
నిన్న రొయ్యల డబ్బా మూత తీయగానే ముక్కు పగిలేలా అమ్మోనియా వాసన. వేళ్లకి జిగటగా అంటుకుంటున్నాయి, ముట్టుకుంటే చాలు తల ఊడొచ్చేస్తోంది. బాగా ఉడికిస్తే పోతుందిలే అంది అమ్మ, కానీ ఉడికిస్తే క్రిములు చస్తాయి గానీ అప్పటికే తయారైన విషాలన్నీ పోవు కదా, అందుకే మొత్తం పారేశా. ఒక్క నల్ల మచ్చలే ఉంటే మాత్రం పారేయక్కర్లేదు, అవి గాలి తగిలి కూడా వస్తాయి.

ఈరోజు తాజావి తెచ్చి వీపు మీద సన్నగా గాటు పెట్టి ఆ నల్ల దారం లాగేశా, అందరూ నరం అంటారు గానీ అది పేగు, వేళ్లకి ఇసుక తగిలింది. పైన ఎర్రబడగానే దించేయకండి, ఒకటి మధ్యకి కోసి చూడండి, లోపల గాజులా కనిపిస్తే ఇంకా పచ్చే, మొత్తం తెల్లబడాలి.