కవర్‌కి తోడు గ్లాస్: చెకౌట్‌లో జత అమ్మకం, నా అనుభవం

మాది హైదరాబాద్‌లో ఇంటి నుంచే నడిపే చిన్న ఆన్‌లైన్ షాపు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్ నుంచి సరుకు తెచ్చుకుని ఫోన్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు, కేబుళ్లు అమ్ముతాం. ఆర్డర్లు బాగానే వస్తున్నా చేతిలో ఏమీ మిగలడం లేదని ఒక రోజు కూర్చుని కవర్ లెక్క వేశాను. అమ్మేది 249 రూపాయలకి. అందులో 18 శాతం జీఎస్టీ పోతే 211. కవర్ కొన్న ధర 80, కొరియర్ 65, ప్యాకింగ్ 8, పేమెంట్ గేట్‌వేకి 5. మిగిలేది 53. ప్రకటనల ఖర్చు కూడా అందులోంచే.

అదే పార్సిల్‌లో గ్లాస్ కూడా పెడితే? విడిగా 149కి అమ్మే గ్లాస్‌ని కవర్‌తో కలిపి తీసుకుంటే 99కి ఇచ్చామనుకోండి. జీఎస్టీ పోగా 84 వస్తుంది. గ్లాస్ 30, విరగకుండా పెట్టే అట్ట 6, గేట్‌వే 2 తీసేస్తే 46 మిగులుతుంది. కొరియర్ మాత్రం పైసా పెరగదు. మా కొరియర్ ధర 500 గ్రాముల శ్లాబు లెక్కన ఉంటుంది, కవర్, గ్లాస్ కలిపినా అందులో సగం కూడా తూగవు. డిస్కౌంట్ ఇచ్చి కూడా ఒక ఆర్డర్ మీద మిగిలేది దాదాపు రెట్టింపు అవుతోంది.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. ఏ కవర్‌కి ఏ గ్లాస్ చూపించాలి? మోడల్ పేరు చూసి జత కలిపితే కుదరదు. ఐఫోన్ 13కి, 13 ప్రోకి కవర్లు వేరు, ఎందుకంటే కెమెరా భాగం వేరు. కానీ గ్లాస్ ఒకటే, అదే 14కీ సరిపోతుంది. 14 ప్రో దగ్గరికొచ్చేసరికి స్క్రీన్ పైభాగమే మారిపోయింది కాబట్టి దానికి వేరే గ్లాస్ కావాలి. అందుకని ప్రతి గ్లాస్‌కి ఒక కోడ్ ఇచ్చి, ఏయే ఫోన్లకి సరిపోతుందో పట్టిక రాశాను. కార్ట్‌లో కవర్ పడగానే సైట్ ఆ పట్టిక చూసి ఒక్క గ్లాస్‌నే చూపిస్తుంది. స్టాక్ లేకపోతే ఏమీ చూపించదు. తప్పు గ్లాస్ వెళ్తే రెండు వైపులా కొరియర్ మనమే కట్టాలి. ఆ ఒక్క రిటర్న్‌తో రెండు మూడు గ్లాసుల మీద వచ్చిన లాభం ఎగిరిపోతుంది.

సైట్‌కి పెట్టుకున్న యాప్‌లో గ్లాస్ పక్కన టిక్ ముందే పెట్టి వచ్చింది. నేను తీసేశాను. కొనేవాళ్లకి తెలియకుండా బుట్టలో వస్తువు చేర్చడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి. చట్టం సంగతి అటుంచినా, మా ఆర్డర్లలో ఎక్కువ భాగం క్యాష్ ఆన్ డెలివరీ. 249 అనుకున్న మనిషిని డెలివరీ బాయ్ 348 అడిగితే ‘నేను కవర్ ఒక్కటే కదన్నా పెట్టింది’ అని పార్సిల్ వెనక్కి పంపేస్తారు. అలా అనడం న్యాయమే.

ఎక్కడ చూపించాలన్నది కూడా ముఖ్యమే. డబ్బు కట్టేశాక ‘ఇది కూడా చేర్చుకోండి’ అంటే యూపీఐలో కుదరదు. మళ్లీ పిన్ కొట్టి ఇంకో పేమెంట్ చేయాలి, అంత ఓపిక చాలామందికి ఉండదు. అందుకే కార్ట్‌లోనే, అడ్రస్ అడగకముందే చూపిస్తాం. క్యాష్ ఆన్ డెలివరీ వాళ్లకి మాత్రం ఆర్డర్ ఖరారు చేసుకునే వాట్సాప్ మెసేజ్‌లో ఇంకోసారి అడుగుతాం. ఔనంటే ప్యాకింగ్‌కి ముందు బిల్లు మార్చడమే.

రిటర్న్‌ల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. కవర్ రంగు నచ్చలేదు, గ్లాస్ ఉంచుకుంటాను అంటే ఎంత వాపసు ఇవ్వాలి? పూర్తి 249 ఇస్తే గ్లాస్ 99కే పోయినట్టు. అందుకని 348ని విడి ధరల నిష్పత్తిలో పంచాం: కవర్‌కి 218, గ్లాస్‌కి 130. బిల్లులో కూడా ఈ రెండు అంకెలే రెండు వరుసల్లో వేస్తాం. కార్ట్‌లో కూడా ఈ మాట రాసిపెట్టాం కాబట్టి కస్టమర్లతో గొడవ రావడం లేదు.

సగటు ఆర్డర్ విలువ పెరిగిందా లేదా అన్న ఒక్క అంకె చూసి నిర్ణయించకూడదని నా గట్టి అభిప్రాయం. సైట్‌కి వచ్చేవాళ్లలో సగం మందికి గ్లాస్ చూపించి, మిగతా సగానికి చూపించకుండా, వెనక్కొచ్చిన పార్సిళ్ల ఖర్చు కూడా తీసేశాక ఒక్కో ఆర్డర్‌కి ఎంత మిగిలిందో పోల్చాను. గ్లాస్ నిలబడింది. ఇలాగే పరీక్షించిన ఛార్జర్ నిలబడలేదు. 249 కవర్ పక్కన 700 ఛార్జర్ కనిపించిన సగంలో కవర్ కూడా కొనకుండా వెళ్లినవాళ్లు ఎక్కువయ్యారు, దాన్ని తీసేశాను. ఇప్పుడు అదే పట్టికలో కేబుళ్లు చేరుస్తున్నాం: ఐఫోన్ 14 వరకు లైట్నింగ్, 15 నుంచి టైప్-సి.