వదులైన టోపీ

మొక్కు మా అమ్మది. పాప పుట్టినప్పుడు, తండ్రీ కూతుళ్లిద్దరూ తిరుమలలో తలనీలాలు ఇస్తారని మొక్కుకుంది. పాప గుండు మూడో ఏటనే అయిపోయింది. నాది ఆరేళ్లు వాయిదా పడింది.

అందరూ గుండంటే భయమనుకున్నారు. అసలు భయం గుండు తర్వాతది. పదిరోజులు పోయాక చెవుల చుట్టూ, వెనక నల్లగా మొలుస్తుంది, నడినెత్తి మాత్రం అలాగే మెరుస్తుంది. ఎక్కడ జుట్టుందో, ఎక్కడ లేదో గీత గీసి చూపించినట్టే. అందుకే ఇరవై ఎనిమిదో ఏట పెట్టిన టోపీ పెళ్లిళ్లలో కూడా తీయలేదు. పెళ్లిచూపుల్లో తీశాననుకోండి, అది వేరే కథ.

ఈసారి అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కాం. సగం దూరానికే టోపీ తడిసి ముద్దయింది, లోపల ఒకటే దురద. ఎవరూ చూడకుండా మండపం స్తంభం చాటున తీసి తుడుచుకున్నా.

కల్యాణకట్టలో డబ్బు కట్టక్కర్లేదు. టోకెన్, సగం బ్లేడు ఇచ్చారు. లోపల వరసగా కూర్చున్న జనం, తడి నేల, ఎక్కడ చూసినా జుట్టు. నా వంతు వచ్చింది. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, "స్వామికి ఇవ్వడానికి పెద్దగా ఏమీ లేదండీ" అన్నా.

గుండు గీసే ఆయన తలెత్తకుండానే, "ఉన్నదే ఇవ్వండి. తల వంచండి స్వామీ" అన్నాడు.

చేత్తో నీళ్లు పోసి బాగా రుద్దాడు. బ్లేడు చెవి పక్కన బరబరా వినపడింది, మెడ మీదికి తడి వెంట్రుకలు జారాయి. నడినెత్తి మీదికి వచ్చాక చప్పుడే లేదు. అయినా వదల్లేదు, అక్కడా నీళ్లు రాసి మెల్లగా రెండుసార్లు గీశాడు. నూగు ఉంటుందట. ఎందుకో ఆ రెండు గీతల దగ్గరే నాకు కళ్లు చెమర్చాయి. చెవి వెనక చిన్నగా తెగింది, గంధం రాస్తే చురుక్కుమంది.

స్నానం చేసి బయటికొస్తే ఎదురుగా అన్నీ గుండ్లే. ముసలాయనవి, చంటిపిల్లలవి, ఆడవాళ్లవి. అన్నిటి మీదా పసుప్పచ్చటి గంధం. మా ఆవిడ నా పక్కనుంచే వెళ్లిపోయి, మెట్ల దగ్గర నిలబడి చుట్టూ వెతుకుతోంది. పిలిస్తే ఉలిక్కిపడింది.

"టోపీ లేకపోతే ఎలా పోల్చుకునేదండీ?" అంది. తర్వాత నుదుటి కేసి చూసి పకపకా నవ్వింది. కనుబొమల పైన నల్లగా, ఆ పైన పాలమీగడలా తెల్లగా, మధ్యలో టోపీ అంచు గీసిన గీత.

దర్శనమయ్యేసరికి మిట్టమధ్యాహ్నం. నెత్తి కాలిపోతోంది. ఎండకని టోపీ తీసి పెట్టుకుంటే సర్రున జారి కళ్ల మీద పడింది. ఇన్నేళ్లూ దాన్ని పట్టి ఉంచింది పక్కల జుట్టేనన్నమాట. వెనక పట్టీ రెండు బొత్తాలు బిగించబోతుంటే పాప లాగేసుకుని తను పెట్టుకుంది. దానికి ముక్కు దాకా వచ్చింది. అలాగే తడుముకుంటూ బస్సు దాకా నడిచింది.