మూడు గంటల అలారం

రాత్రి నిద్ర లేచి చదివే తహజ్జుద్ నమాజు మూడు రాత్రులు వరసగా తప్పింది. తప్పు అలారానిది కాదు, నాదే. పన్నెండింటి దాకా ఫోన్ చూస్తూ కూర్చుంటే మూడింటికి ఎవరు లేస్తారు?

నిన్న ఇషా నమాజు అవగానే పడుకున్నాను. ఫోన్ వంటింట్లో పెట్టాను, అలారం ఆపాలంటే మంచం దిగాల్సిందే. రాత్రి నమాజుల ఆఖర్న చదివే విత్ర్ మాత్రం చదవకుండా ఉంచుకున్నాను. లేస్తానన్న నమ్మకం లేనివాళ్లు పడుకునే ముందే చదివేసుకోవాలి, ఒకే రాత్రి రెండు విత్ర్‌లు ఉండవు కదా.

టైము లెక్క తేలికే. మా ఊళ్లో పొద్దుగూకాక మగ్రిబ్ ఆరున్నరకి, తెల్లవారుజామున ఫజ్ర్ ఐదింటికి అనుకోండి. మధ్యలో పదిన్నర గంటలు. మూడు భాగాలు చేస్తే, తహజ్జుద్‌కి మేలైన చివరి భాగం ఒకటిన్నరకి మొదలవుతుంది. నాకు మూడు చాలు.

వుజూ చేసుకుని ముందు రెండు రకాత్‌లు చిన్న సూరాలతో తేలిగ్గా చదివాను. తర్వాత రెండేసి చొప్పున మరో నాలుగు. ఆఖరి జతలో కళ్లు మూతపడి, ఏ ఆయత్ దగ్గర ఉన్నానో మర్చిపోయాను. అలా తూగు వస్తే పడుకోమనే హదీసు ఉంది. క్షమాపణ అడగబోయి మనల్ని మనమే తిట్టుకుంటామేమోనని! సలాం చెప్పి పావుగంట నడుం వాల్చాను. ఈసారి అమ్మీ లేపింది.

మూడు రకాత్‌ల విత్ర్ చదివాను. తర్వాత చేతులెత్తితే నేర్చుకున్న అరబీ దుఆలేవీ గుర్తు రాలేదు. నాన్న మోకాళ్ల నొప్పి గురించి తెలుగులోనే అడిగాను. అంతలో అజాన్ వినిపించింది.