ఆ మూల ఎవరిది సార్?

నిన్ననే టైల్స్ పని పూర్తయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది తెనాలి. పెరట్లో ఖాళీ జాగా ఉంటే విడిగా ఒక హాలు వేద్దామనుకున్నాం. ప్లాను గీయించడం, అనుమతి, బోరు నీళ్ళు, ఇసుక, ఇవేవీ నన్ను పెద్దగా ఏడిపించలేదు. నన్ను ఏడిపించింది ఒక దీర్ఘ చతురస్రం. అదీ అయిదో తరగతి పిల్లలు గీసేది.

మొదటి ప్లానులో హాలు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు. అంటే 300 చదరపు అడుగులు. మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగుకి 1,800 రూపాయలని మేస్త్రితో మాట. పునాది తియ్యడానికి రెండు రోజుల ముందు మా ఆవిడ, "దివాను వేస్తే మనుషులు ఎక్కడ కూర్చుంటారండీ? ఇంకొంచెం పెంచండి" అంది. సరే అన్నాను. పొడవు 24, వెడల్పు పదహారున్నర అయింది.

నేను చేసేది ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ పని. పాతికేళ్ళుగా నాకు అన్నీ శాతాల్లోనే కనిపిస్తాయి. 20 నుంచి 24 అంటే 20 శాతం. 15 నుంచి పదహారున్నర అంటే 10 శాతం. మొత్తం 30 శాతం. 300 మీద 30 శాతం అంటే 90 అడుగులు పెరుగుతుంది, 390 అవుతుంది. కాగితం కూడా అక్కర్లేదు.

మర్నాడు మేస్త్రి చీటీ తెచ్చాడు. అందులో 396 అని ఉంది.

ఆరు అడుగులంటే 10,800 రూపాయలు. నాకు చిర్రెత్తుకొచ్చింది. స్థలంలో మా బావమరిది ఉన్నాడు, ఇద్దరు కూలీలున్నారు, పక్కింటాయన గోడ మీంచి చూస్తున్నాడు. వాళ్ళందరి ముందూ అన్నాను: "ఏం మేస్త్రీ, ఆరు అడుగులు ఎక్కడ పెంచావు? శాతాల లెక్క నాకు నేర్పుతావా? ఆఫీసులో మూడు వందల మందికి డీఏ కట్టినవాణ్ణి."

అతను తిరిగి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "శాతాలు నాకు రావు సార్. ముగ్గు పోసి చూపిస్తాను, మీరే కొలుచుకోండి" అన్నాడు.

దారం కట్టి, డబ్బాలో ముగ్గు తీసుకుని ముందు పాత హాలు గీశాడు, 20 బై 15. తర్వాత పొడవు వైపు నాలుగు అడుగులు జరిగి ఒక పట్టీ గీశాడు. టేపు ఒక కొస నా చేతికిచ్చాడు. నాలుగు అడుగులు, పదిహేను అడుగులు. "ఎంత సార్?" "అరవై." తర్వాత వెడల్పు వైపు అడుగున్నర పట్టీ. అడుగున్నర, ఇరవై అడుగులు. "ఎంత సార్?" "ముప్ఫై." "అరవై, ముప్ఫై, తొంభై. మీ లెక్క సరిపోయింది కదా సార్?" సరిపోయింది. నేను బావమరిది వైపు చూసి మీసం కూడా దువ్వాను.

అప్పుడతను నడిచి వెళ్ళి, ఆ రెండు పట్టీలూ కలవాల్సిన మూలలో నిలబడ్డాడు. అక్కడ ముగ్గు లేదు. ఒక పట్టీ కొస అటు ఆగింది, ఇంకో పట్టీ కొస ఇటు ఆగింది. మధ్యలో నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న మట్టి ముక్క మిగిలిపోయింది. గమేళా తెచ్చి అందులో బోర్లించాడు.

"ఈ మూల ఎవరిది సార్? మీ లెక్కలో లేదు. దీనికి స్లాబు వెయ్యొద్దంటారా?"

నాలుగు అడుగులు, అడుగున్నర. ఆరు.

బావమరిది ముందు నవ్వాడు. కూలీలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. పక్కింటాయన మాత్రం గోడ మీంచి దిగిపోయాడు, ఆయన మర్యాద అది. "అంటే బావగారూ, మీ ప్లాను ప్రకారం హాలుకి ఒక మూల కొరికేసినట్టుంటుందన్నమాట" అని బావమరిది సాయంత్రం దాకా అంటూనే ఉన్నాడు. ఏదైనా తప్పు ఎత్తిచూపే ముందు బావమరిదిని టీకి పంపించండి, ఇది నా అనుభవంతో చెబుతున్న మాట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు ఎక్కడ జరిగిందో తెలిస్తే గానీ నాకు మనసు కుదుటపడదు. తెల్లవారుజామున దొరికింది. తప్పు నాది కాదు, డీఏది! డీఏ 42 శాతం ఉండేది, 2023 జూలై నుంచి ఇంకో 4 శాతం ఇచ్చారు, 46 అయింది. అక్కడ కూడికే సరైనది, ఎందుకంటే పాత 42 శాతమైనా కొత్త 4 శాతమైనా రెండూ అదే బేసిక్ మీద లెక్క. కొత్త 4 శాతం పాత డీఏ మీద పడదు. హాలు సంగతి అలా కాదు. ముందు పొడవు పెంచితే 300 కాస్తా 360 అయిపోయింది. ఆ తర్వాత వెడల్పు పెంచినప్పుడు ఆ 10 శాతం 360 మీద పడుతుంది, 36 వస్తుంది. నేను మాత్రం పాత 300 మీదే వేసి 30 అన్నాను. తేడా ఆరు. మేస్త్రి గమేళా బోర్లించిన చోటు అదే. పెరిగిన పొడవు పక్కన పెరిగిన వెడల్పు.

పొద్దున్నే బ్యాంకు పరీక్షలకి చదువుతున్న మా అమ్మాయికి ఫోన్ చేసి ఈ ఆవిష్కరణ చెప్పాను. "నాన్నా, దానికి సూత్రం ఉంది. `a + b + ab/100`. ఇరవై, పది, రెండు వందల్ని వందతో భాగిస్తే రెండు. ముప్ఫై రెండు శాతం" అని పెట్టేసింది. రాత్రంతా నేను పడ్డ కష్టం ఆ పిల్లకి రెండు సెకన్లు. ఆ చివరి `ab/100` ఏమిటో అడిగితే మాత్రం "అదంతే నాన్నా, బట్టీ పట్టించారు" అంది. అది మూల అని నేను చెప్పాను. ఈ కోచింగుల మీద నాకు మొదట్నుంచీ సదభిప్రాయం లేదు.

ఈ మూల చిన్నచిన్న శాతాల్లో కనపడదు, అదే దాంతో వచ్చిన ప్రమాదం. రెండు వైపులా 5 శాతం పెంచితే 10 అనుకుంటాం, నిజానికి పదింపావు, ఎవరూ పట్టించుకోరు. రెండు వైపులా 50 శాతం పెంచితే 100 కాదు, 125. రెండూ రెట్టింపు చేస్తే మూలే పాత గది అంత ఉంటుంది, మొత్తం నాలుగు గదులంత అవుతుంది. ఒకటి పెంచి ఒకటి తగ్గించినా అంతే, తగ్గించినదానికి మైనస్ పెట్టుకోవాలి. పొడవు 10 శాతం పెంచి వెడల్పు 10 శాతం తగ్గిస్తే సమానం కాదు, ఒక శాతం నష్టం.

మేస్త్రికి సారీ చెప్పాను. 396కే డబ్బిచ్చాను. ఇక్కడితో అయిపోయుంటే ఇది రాసేవాణ్ణి కాదు.

టైల్స్ దగ్గరకొచ్చేసరికి నేను పండితుణ్ణయ్యాను. మొదటి ప్లానుకి మేస్త్రి లోపలి నేల సుమారు 250 అడుగులని రాసిచ్చాడు. 32 శాతం పెంచితే 330. టూ బై టూ టైల్స్ అంటారు గానీ అవి 60 సెంటీమీటర్లవి, నాలుగున్న బాక్సు పదిహేనున్నర అడుగులే వస్తుంది. 22 బాక్సులు తీసుకుంటే 341. పదకొండు అడుగులు ఎక్కువే. షాపువాడు "వేస్టేజీకి పది శాతం కలుపుకోండి సార్, 24 తీసుకోండి" అన్నాడు. అమ్ముకోవడానికే అంటున్నాడనుకున్నాను. మేస్త్రిని అడగొచ్చు కదా? అడగలేదు. మళ్ళీ గమేళా తెస్తాడని భయం.

లోపలి నేల 330 కాదు, 337న్నర.

32 శాతం బయటి కొలతలకి. గోడలు తొమ్మిదేసి అంగుళాలు, రెండు వైపులా కలిపి అడుగున్నర. హాలు పెరిగింది గానీ గోడ మందం పెరగలేదు. పాత హాలులోంచీ అడుగున్నరే పోతుంది, కొత్త హాలులోంచీ అడుగున్నరే పోతుంది. కాబట్టి లోపల పద్దెనిమిదిన్నర ఇరవై రెండున్నర అయింది, అంటే 20 కాదు, 21.6 శాతం. పదమూడున్నర పదిహేనైంది, 11.1 శాతం. మూలతో కలిపి 35 శాతం పైనే. సూత్రం తప్పు కాదు, దానికి నేనిచ్చిన శాతాలు వేరే గదివి.

అదొక్కటే అయినా 341 సరిపోవాలి కదా అనిపిస్తుంది. టైలు నీళ్ళు కాదు, పోస్తే సర్దుకోవడానికి. పదిహేను అడుగుల వైపు ఏడు నిండు టైల్స్ పడ్డాయి, ఎనిమిదోది కోసి పెట్టాలి. అలా ఎనిమిదేసి చొప్పున పదకొండు వరసలు వేసేసరికి 88 అయిపోయాయి, అంటే నా 22 బాక్సులూ ఖాళీ. పుణ్యానికి ఒక్కటీ పగల్లేదు. అయినా గోడ వారన పది అంగుళాల పట్టీ నల్లగా మిగిలింది. కోసిన ముక్కలు పదకొండు పక్కన పడున్నాయి, వాటితో పూడ్చమన్నాను. మేస్త్రి ఒకటి తీసి పట్టీలో పెట్టి చూపించాడు. అది తొమ్మిది అంగుళాలే. ఈసారి ఏమీ అనలేదు, నవ్వలేదు కూడా.

కావలసింది ఒక్క బాక్సు, నాలుగు టైల్స్, నిలువునా కోస్తే ఎనిమిది ముక్కలు. షాపుకెళ్తే అదే డిజైన్ ఉంది గానీ బాక్సు మీద షేడ్ నంబరు వేరు. పాత షేడ్ స్టాకు అయిపోయిందట. అయిపోయిందో, 24 తీసుకోమంటే తీసుకోలేదని దాచాడో దేవుడికే తెలియాలి. టైల్స్ కొనేవాళ్ళు గది లోపల టేపు పెట్టి కొలిచి, వరసకి ఎన్ని పడతాయో లెక్కపెట్టి, పైన ఒకట్రెండు బాక్సులు ఒకే షేడ్ నంబరువి తెచ్చుకోండి. మిగిలితే అటక మీద పెట్టుకోవచ్చు.

ఒక్కచోట మాత్రం నేను గెలిచాను, అది రాయకపోతే అన్యాయం. గోడ అడుగున స్కర్టింగ్ వేసే కుర్రాడు పాత అంచనా మీద "35 శాతం ఎక్కువవుద్ది సార్" అన్నాడు. ఎవరో చెప్పారు పాపం. స్కర్టింగ్ చుట్టుకొలత లెక్క, అడుగు పొడవుకింత. లోపల చుట్టూ 64 అడుగులుండేది 75 అయింది, పదకొండు అడుగులే. 17 శాతం. చుట్టుకొలతకి మూల అదనంగా కలవదు. ముక్కలు పరిచి, టేపు పట్టి చూపించాను. అతను ఒప్పుకున్నాడు. చూడ్డానికి బావమరిది లేడు, ఊరెళ్ళాడు.

కొత్త షేడ్ పట్టీ కొంచెం పసుపు కొడుతోంది. దివాను దాని మీదకి జరిపించాను. పదిహేను అడుగుల పట్టీలో ఆరు అడుగులే దాక్కుంటుంది. మిగతా తొమ్మిది అడుగులకి మా ఆవిడ పూలకుండీలు చూస్తోంది.