ఒక్క వాక్యంలో జోకు: ఆరు వారాల లెక్క

మొదలుపెట్టినప్పుడు రూలు ఒకటే పెట్టుకున్నా, జోకు మొత్తం ఒక్క వాక్యంలో అయిపోవాలి, రెండో అర్థం ఒకే ఒక్క మాటలో దాక్కోవాలి. నోట్‌బుక్‌లో ఇప్పటికి నలభై ఒక్క మాటలు రాసుకున్నా, వాటిలో వాక్యాలుగా మారినవి తొమ్మిది, ఇంట్లో నిజంగా నవ్వు తెప్పించినవి మూడు. "చెప్పు" లాంటివి మొదటి రోజే కొట్టేశా, ఆ మాట కనపడగానే జనానికి జోకు వస్తోందని తెలిసిపోతుంది, ఇంక దాచేది ఏముంది.

మొదటి రెండు వారాలు నేను చేసిన తప్పు ఏంటంటే మాటలు దొరికితే చాలు అనుకున్నా. మనకి రెండర్థాల మాటలు కుప్పలు, కానీ వాక్యంలో పెట్టగానే సగం చచ్చిపోతాయి. "వేలు" తీసుకోండి, చేతికి ఉండే వేలు ఒకటి, డబ్బు వేలు ఒకటి. చాలా ఉత్సాహంగా "ఉంగరం కొనడానికెళ్తే వేలు పోయాయి" అని రాసి తమ్ముడికి వినిపించా, వాడు "డబ్బులేగా, అందులో జోకేముంది" అన్నాడు. కరెక్టే, పోయాయి అనగానే డబ్బు మాత్రమే మిగిలింది, పోయింది అంటే చేతివేలు మాత్రమే మిగులుతుంది. క్రియ మూలంగా గుట్టు బయటపడిపోయింది. ఇంకో రోజు "వేలికి" అని రాశా, అది డబ్బుకి కుదరదు, "వేలకి" అంటే చేతివేలికి కుదరదు.

చివరికి తేలింది ఏంటంటే, మన భాషలో ఇలాంటి మాట బతకాలంటే కర్మ స్థానంలో, "ని" తగిలించకుండా ఉండాలి. పుస్తకం చదివాడు, పాలు తాగాడు అని ప్రాణంలేని వాటికి "ని" వదిలేస్తాం కదా, అక్కడ మాట మారదు, క్రియ కూడా దానితో లింకు పెట్టుకోదు. అలా వచ్చింది ఇది: "ఉంగరం కొందామని వెళ్తే షాపతను వేలు చూపించమన్నాడు, నా దగ్గర పదే ఉన్నాయి." తమ్ముడు ఈసారి రెండు సెకన్లు ఆగి నవ్వాడు, అత్తయ్య మాత్రం "పదివేలకి ఉంగరం ఎక్కడొస్తుందిరా" అంది, ఆవిడకి మూడో అర్థం వినపడింది, దాన్ని నేను అనుకోలేదు.

అప్పట్నుంచి మాట దొరకగానే చిన్న టెస్టు పెడుతున్నా, నోట్‌బుక్‌లో మూడు ఖాళీలు గీసి ఒకదాంట్లో "___ అడిగాడు", ఒకదాంట్లో "___ పోయింది", ఒకదాంట్లో "___కి" నింపుతా. రెండర్థాలూ ఏ గడిలో నిలబడితే ఆ గడి చుట్టూనే వాక్యం కడతా, మిగతావాటి జోలికి పోను.

ఇప్పుడు మంచిదానికి వస్తా, నాలుగో వారం దొరికింది, "మందు కొట్టడం". ఇక్కడ పేరే కాదు, క్రియ కూడా రెండువైపులా ఒకటే, పంటకి కొట్టినా తాగినా కొట్టడమే. మొదట రాసింది చూడండి, "మావయ్య పొలానికి మందు కొట్టడానికెళ్ళి తాగొచ్చాడు". ఇది జోకు కాదు, రిపోర్టు, తాగొచ్చాడు అని నేనే చెప్పేశా. రెండోసారి "మావయ్య పొలానికి మందు కొట్టాడు" అని రాసి ఎందుకు నవ్వు రావట్లేదో అరగంట చూశా. "పొలానికి" అన్నచోటే తలుపు మూసుకుపోయింది, "కి" వచ్చిందంటే మందు పంటకే. "పొలంలో" అంటే రెండు తలుపులూ తెరిచే ఉంటాయి, పంట మీద కొట్టాడా గట్టుమీద కూర్చుని కొట్టాడా తెలీదు.

"మావయ్య పొద్దుటినుంచి పొలంలో మందు కొట్టాడు, పురుగులు మాత్రం క్షేమం" అని మావయ్యకే చదివి వినిపించా. ఆయన నవ్వలేదు సరికదా తప్పు పట్టాడు, "ఎండ నెత్తికెక్కాక ఎవడ్రా మందు కొట్టేది, పొద్దున్నే కొడతారు, లేదంటే సాయంత్రం" అన్నాడు. మొదట చిరాకేసింది గానీ మార్చి చూస్తే నా జోకుకి మేలు చేసింది ఆయనే, ఎందుకంటే సాయంత్రం అనేది రెండో మందుకి కూడా కరెక్టు టైము. ఇప్పుడు ఇలా ఉంది:

"మావయ్య నిన్న సాయంత్రం పొలంలో గట్టిగా మందు కొట్టాడు, పురుగులు మాత్రం క్షేమం."

ఇందులో ఒక్కో మాట తీసి చూశా. "గట్టిగా" తీస్తే మెత్తబడుతోంది. "మాత్రం" తీసి "పురుగులు చావలేదు" అంటే మందు పనిచెయ్యలేదేమో, కల్తీ మందేమో అనుకుంటారు, మా ఊళ్ళో అయితే ముందు ఆ షాపువాణ్ణే తిడతారు. "మాత్రం క్షేమం" అంటే మరి క్షేమంగా లేనిది ఎవరు అని వినేవాడు వెనక్కి తిరిగి మావయ్య దగ్గరకొస్తాడు, అక్కడ నవ్వుతాడు. అందుకే మొదట పొలం గుర్తుకొచ్చే అర్థం రావాలి, తాగే అర్థం చివర్న వెనక్కి చూస్తేనే కనపడాలి.

ఐదో వారం "తోడు". పెరుగవ్వడానికి పాలల్లో వేసేదీ తోడే, మనిషికి కావాల్సిందీ తోడే. మొదటి వాక్యం "పాలగిన్నె పట్టుకుని పక్కింటికెళ్ళి తోడు అడిగాడు" అని రాశా, గిన్నె ముందే వచ్చేసరికి అందరికీ పెరుగే కనపడింది. గిన్నె వెనక్కి జరగాలి, మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది కాబట్టి గిన్నెకోసం ఇంకో ముక్క అతికించాల్సొచ్చింది: "భార్య పుట్టింటికెళ్ళిన రాత్రే పక్కింటి తలుపు కొట్టి తోడు అడిగాడు, పాలగిన్నె చూపించేలోపే చెంప ఛెళ్ళుమంది." అత్తయ్య బాగా నవ్వింది. ఆఫీసులో ఒకావిడ మాత్రం "తోడు అంటే?" అంది, వాళ్ళింట్లో దాన్ని చేమిరి అంటారట. ఇంక దీనికి రిపేరు లేదు, వినేవాళ్ళ వంటింట్లో ఆ మాట లేకపోతే రెండో అర్థమే లేదు, వివరిస్తే ఒక్క చిరునవ్వు కూడా రాదు.

ఇంకో చిన్న విషయం, జోకు మెసేజీలో పంపేటప్పుడు ఆ మాటకి కొటేషన్లు పెట్టొద్దు, పెడితే "ఇక్కడ నవ్వు" అని బోర్డు పెట్టినట్టే. చదివి వినిపించేటప్పుడు కూడా ఆ మాట మీద నొక్కకూడదు, నేను నొక్కితే తమ్ముడు ముందే మొహం చిట్లిస్తాడు.

ఈ వారం మాటని విరిచే రకం మొదలుపెట్టా, అలంకారశాస్త్రంలో సభంగ శ్లేష అంటారు, ఇప్పటిదాకా చేసినవన్నీ మాట విరగని రకం, అభంగం. "ఏకాకి", "ఏ కాకి" తీసుకుని "పిండం పెట్టి గంట నిలబడ్డా ఏకాకి రాలేదు" అని రాశా. చూడ్డానికి బాగుంది, నోటితో అంటే పనికిరాదు, ఎందుకంటే రాలేదు అన్నప్పుడు మనం "ఏ కాకీ" అని చివర సాగదీస్తాం, ఏకాకికి ఆ సాగతీత లేదు. రాతలో మధ్యలో ఖాళీ వదలాలా వద్దా అన్నది ఇంకో గొడవ. "రాలేదు" తీసేసి "వచ్చింది" పెట్టి మళ్ళీ రాస్తున్నా: "పిండం పెట్టి గంట నిలబడితే, వచ్చింది ఏకాకి". ఇప్పుడు శబ్దం కుదిరింది గానీ "ఏ కాకి" అనేది ప్రశ్న అయి కూర్చుంది, వెనక ఇంకేదో కావాలి. తద్దినం మీద జోకులేంటి అని అత్తయ్య పుస్తకం మూయించింది, రేపు ఆవిడ గుడికెళ్ళాక చూస్తా.